‘నాకేమైనా పిచ్చా?’ అన్న తర్వాత ఏం మాట్లాడాలి

(హైదరాబాద్‌లో ఒక కాలనీ గ్రంథాలయంలో ఆదివారం ఉదయం ఒక కౌన్సెలింగ్ సైకాలజిస్టు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ఎదురుగా చూస్తుంటే జంటలుగా వచ్చినవాళ్లు మూడు నాలుగు జంటలే కనిపిస్తున్నారు. మిగతావాళ్లంతా ఒక్కరే వచ్చారు. నాకేమీ ఆశ్చర్యంగా లేదు. నాకు వచ్చే మొదటి ఫోన్ కూడా ఎప్పుడూ ఒక్కరే చేస్తారు. ఆఫీసు మెట్ల దగ్గర నిలబడో, బట్టలు ఆరేసే వంకతో మేడ మీదికెక్కో, గొంతు తగ్గించి మాట్లాడతారు. “మేడం, మా ఆయన రానంటున్నారు. ఎలా తీసుకురావాలి?” ఇవాళ ఆ ఒక్క ప్రశ్ననే పట్టుకుంటాను. మిగతావి దాని వెనకే వస్తాయి.

ముందు ‘కౌన్సెలింగ్’ అనే మాట సంగతి చూద్దాం. మన దగ్గర ఈ మాట ఎక్కడెక్కడ వినిపిస్తుంది? ఇంజినీరింగ్ సీట్ల దగ్గర వినిపిస్తుంది. (నవ్వులు) ఆ తర్వాత మహిళా పోలీస్ స్టేషన్లో. భార్య 498ఏ కింద ఫిర్యాదు ఇస్తే, ఇప్పుడు కొత్త న్యాయ సంహితలో అది సెక్షన్ 85 అయింది, చాలా చోట్ల కేసు కట్టే ముందు ఇద్దర్నీ పిలిచి కూర్చోబెడతారు. దాన్నీ కౌన్సెలింగ్ అనే అంటారు. ఫ్యామిలీ కోర్టులోనూ ఇదే మాట. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం, వీలున్నంతవరకు ముందు రాజీకి ప్రయత్నించమని జడ్జికి చెబుతుంది. ఇవి రాకముందు నుంచీ మనకి ‘పెద్దల్లో పెట్టడం’ ఉండనే ఉంది.

వీటన్నిట్లో జరిగేది దాదాపు ఒకటే. తప్పెవరిదో తేలుస్తారు, లేదంటే సర్దుకుపొమ్మని పంపేస్తారు. నేను చేసే పని అది కాదు. కానీ భార్య “కౌన్సెలింగ్‌కి వెళ్దాం” అన్నప్పుడు భర్త చెవికి వినపడేది మాత్రం “నిన్ను పంచాయితీలో నిలబెడతాను” అనే. అందుకని ఇంట్లో ఈ మాట ఎత్తేటప్పుడు ‘కౌన్సెలింగ్’ అన్న పదాన్నే పక్కన పెట్టమంటాను.

ఒక జంట గురించి చెబుతాను. ఇద్దరు ముగ్గురి కథలు కలిపాను, వివరాలు మార్చాను. కాబట్టి ఎవరని ఆలోచించకండి. ఆమె బ్యాంకులో పని చేస్తుంది. అతను సైట్ ఇంజినీరు. పెళ్లయి తొమ్మిదేళ్లు, రెండో తరగతి చదివే పాప. గొడవ డబ్బు దగ్గర మొదలవుతుంది. అతను నెలనెలా తమ్ముడి చదువుకి 15,000 పంపిస్తున్నాడు, ఆమెకి చెప్పలేదు. ఒకరోజు అతని ఫోన్లో బ్యాంకు మెసేజ్ చూసింది. అడిగింది. అతను మాట్లాడలేదు. గట్టిగా అడిగింది. అతను బండి తాళాలు తీసుకుని టీ కొట్టుకి వెళ్లిపోయాడు. ఆమె పదకొండు సార్లు ఫోన్ చేసింది. ఒక్కసారీ ఎత్తలేదు. రాత్రి పదకొండున్నరకి వచ్చి, హాల్లో పడుకున్నాడు. ఇది నెలకి రెండు మూడు సార్లు జరిగేది. విషయం ఒక్కోసారి తమ్ముడు, ఒక్కోసారి స్కూలు ఫీజు, ఒక్కోసారి అత్తగారి కంటి ఆపరేషన్. జరిగే తీరు మాత్రం అచ్చు గుద్దినట్టు అదే.

అలాంటి ఒక రాత్రి అతను తిరిగొచ్చాక గుమ్మంలోనే ఆమె అంది: “నీతో నావల్ల కాదు. ఎవరైనా సైకాలజిస్టు దగ్గరికి పద. లేకపోతే మా అన్నయ్యని పిలుస్తాను.” అతనన్నాడు: “నాకేమైనా పిచ్చా? ఎర్రగడ్డకి తీసుకెళ్తావా?” అక్కడితో ఆ మాట నాలుగు నెలలు మూలన పడింది.

ఆమె అన్నదాంట్లో ఎన్ని ముడులున్నాయో చూడండి. గొడవ వేడి తగ్గకముందే అడిగింది. జబ్బు అతనిదన్నట్టు అడిగింది. చివర్లో అన్నయ్యని కలిపి బెదిరింపు చేసింది. జాన్ గాట్‌మన్ అని అమెరికాలో సియాటిల్‌లో ఒక పరిశోధకుడు దంపతుల్ని కూర్చోబెట్టి, వాళ్లు పోట్లాడుకునే తీరుని దశాబ్దాల పాటు వీడియో తీసి పరిశీలించాడు. ఆయన బృందం 1999లో చెప్పింది ఏమిటంటే, గొడవలో మొదటి మూడు నిమిషాలు ఎలా గడిచాయన్నది చూస్తే ఆ కాపురం ఎటు పోతుందో చాలావరకు అంచనా వేయొచ్చని. మూడు నిమిషాల లెక్కని మరీ శిలాశాసనంలా పట్టుకోనక్కర్లేదు. మొదటి వాక్యం నిందతో మొదలైతే మిగతాది ఎటు వెళ్తుందో మన ఇళ్లల్లో మనకీ తెలుసు.

సరే, ఆమెకి మొదటి ఫోన్లో నేను చెప్పింది ఇది: “ఆయన వద్దన్నారు, బాగానే ఉంది. ఎందుకు వద్దన్నారో మీకు తెలుసా?”

వద్దనడంలో రకాలున్నాయి. “ఇద్దరు ఆడవాళ్లు కలిసి నన్ను నిలదీస్తారు” అనే భయం ఒక రకం. “మన ఇంటి గుట్టు బయటపడుతుంది, రేపు కాలనీలో తలెత్తుకోలేను” అన్నది ఇంకొకటి. “మాటలతో ఏమవుతుంది, మూడు వేలు దండగ” అనే నమ్మకం లేనితనం మరొకటి. నాలుగోది వేరు. అతనికి ఈ కాపురం మీదే మనసు సగం విరిగిపోయింది, ఆ మాట చెప్పలేక కౌన్సెలింగ్ వద్దంటున్నాడు. మొదటి మూడింటికి సమాధానాలున్నాయి. మగ కౌన్సెలర్‌ని ఎంచుకోవచ్చు. చెప్పింది బయటికి పోనివ్వకూడదన్నది మా వృత్తిలో ప్రాథమిక నియమం, ఎవరికైనా ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలే దానికి మినహాయింపు. ఖర్చుకి ముందే హద్దు పెట్టుకోవచ్చు. నాలుగోదానికి మాత్రం మామూలు జంట చికిత్స పనికిరాదు. మునిగే పడవో కాదో తేలకముందే ఇద్దరి చేతుల్లో తెడ్లు పెట్టినట్టు ఉంటుంది. ఒకరు తొయ్యరు, రెండోవాళ్లకి ఒళ్లు మండుతుంది.

అలాంటివాళ్ల కోసమే మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బిల్ డోహర్టీ అనే ఆచార్యుడు ఒక చిన్న పద్ధతి తయారుచేశాడు. డిసర్న్‌మెంట్ కౌన్సెలింగ్ అంటారు. ఎక్కువలో ఎక్కువ అయిదు సిట్టింగులు. అందులో కాపురం బాగుచేసే పనే పెట్టుకోరు. ఎక్కువ సేపు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. చివరికి మూడింట్లో ఒకటి తేల్చుకోవాలి. ఉన్నది ఉన్నట్టు సాగించడం, విడిపోవడం, లేదా ఆరు నెలలు విడాకుల మాట ఎత్తకుండా గట్టిగా ప్రయత్నించడం. మన ఊళ్లలో ఈ పేరు పెట్టుకుని చేసేవాళ్లు అరుదు. పేరుతో అడక్కండి, పనిని చెప్పి అడగండి: “మా ఆయనకి ఇంకా కలిసుండాలో వద్దో తేలలేదు. ముందు అది తేల్చుకోవడానికి నాలుగైదు సార్లు చూస్తారా?” అనుభవమున్న మనిషికి అర్థమవుతుంది.

మీ ఆయనది ఏ రకమో ఎలా తెలుస్తుంది? అడిగితేనే తెలుస్తుంది. ఈమె అడిగింది. వంట చేస్తూ మామూలుగా, “ఆ రోజు వద్దన్నావు కదా, అందులో నీకు దేనికి ఇబ్బంది?” అని. అతనన్నాడట: “నువ్వు బాగా మాట్లాడతావు. అక్కడ నేను బ్లాంకు మొహం వేసుకుని కూర్చుంటాను.” ఆమెకి తొమ్మిదేళ్లలో ఆ సంగతి తట్టలేదు. అతను అహంకారంతో రానంటున్నాడు అనుకుంది. అతనేమో మాటల పోటీలో ఓడిపోతానని రానంటున్నాడు.

ఇక్కడ కాసేపు ఆగి ఇంకో విషయం చెప్పాలి, లేకపోతే తప్పు చేసినదాన్నవుతాను. ఇద్దరూ కలిసి అసలు రాకూడని సందర్భాలున్నాయి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే, ఫోనూ జీతమూ రాకపోకలూ అన్నీ ఒకరి గుప్పిట్లో ఉంటే, ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి “మనసు విప్పి చెప్పండి” అనడం ప్రమాదం. గదిలో ఆమె చెప్పిన నిజానికి ఇంటికెళ్లాక దెబ్బలతో బదులొస్తుంది. పైగా కొట్టడాన్ని ‘ఇద్దరి మధ్య కమ్యూనికేషన్ సమస్య’గా మార్చేస్తే సగం తప్పు ఆమె నెత్తిన పెట్టినట్టే. మీరు మిమ్మల్ని వేసుకోవాల్సిన ప్రశ్న చిన్నది: ఆయనకి నచ్చని మాట చెప్పాలంటే మీకు బాధగా ఉంటుందా, భయంగా ఉంటుందా? భయమైతే జంటగా వద్దు. ఒంటరిగా వెళ్లండి, లేదా 181 మహిళా హెల్ప్‌లైన్‌కి చేయండి. 2005 గృహహింస చట్టం కింద రక్షణ అడగొచ్చు. అది వేరే దారి, దాన్ని దీంతో కలపొద్దు.

తాగుడు అదుపు తప్పి ఉంటే ముందు దానికి వైద్యం నడవాలి. ఇంకొక సంబంధం రహస్యంగా నడుస్తూ ఉంటే కూడా జంటగా చేసే పని నిలవదు. ఒకరు ముక్కలు దొంగచాటుగా దాచుకుని ఆడే పేకాటలా తయారవుతుంది.

మన జంటకి ఇవేవీ లేవు. నేను విడిగా అడిగి చూశాను. విడిగా ఒక్కసారైనా అడగని కౌన్సెలర్ దగ్గర మీరు జాగ్రత్తగా ఉండండి.

ఇక ఏ పద్ధతి అన్నది. దీని మీద గంటల కొద్దీ మాట్లాడొచ్చు, నేను మాట్లాడను. బాగా పరిశోధన జరిగినవి కొన్ని ఉన్నాయి. ఒకటి గాట్‌మన్‌ది. వెటకారం, చిన్నచూపు, మాటకి మాట పెరిగిపోయే ఇళ్లకి అది నేర్పే మెలకువలు పనికొస్తాయి. రెండోది ఎమోషనల్లీ ఫోకస్డ్ థెరపీ, ఈఎఫ్‌టీ. 1980లలో కెనడాలో స్యూ జాన్సన్, లెస్ గ్రీన్‌బర్గ్ మొదలుపెట్టారు. కోపం కింద దాగిన భయాన్ని పైకి తెచ్చి ఎదుటివాళ్లకి వినిపించడం దాని పని. ఒకరు వెంటపడటం, ఒకరు పారిపోవడం ఉన్నచోట దాన్ని ఎక్కువగా వాడతారు. మూడోది ఇంటిగ్రేటివ్ బిహేవియరల్ కపుల్ థెరపీ. ఆండ్రూ క్రిస్టెన్సెన్, నీల్ జాకబ్సన్ చేసింది. ఎంత మాట్లాడినా మారని తేడాలుంటాయి చూడండి, అతను పుట్టింటిని వదలడు, ఆమె అప్పుని భరించలేదు, అలాంటి తేడాలు. వాటిని మార్చడం ఒక్కటే కాకుండా, వాటితో ఎలా బతకాలో కూడా ఇందులో చూస్తారు.

ఇందులో ఎంత ఫలితం ఉంటుందో కూడా చెప్పాలి. బాగా చితికిపోయిన 134 జంటల మీద అమెరికాలో క్రిస్టెన్సెన్ బృందం ఒక పెద్ద పరిశోధన చేసింది. గరిష్ఠంగా 26 సిట్టింగులు. అయిదేళ్ల తర్వాత చూస్తే దాదాపు సగం జంటలు స్పష్టంగా మెరుగయ్యాయి. సుమారు నాలుగో వంతు విడిపోయాయి. ఇది ఎవరైనా “గ్యారంటీ” అంటే గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క.

కానీ పద్ధతి పేరు కన్నా ముందు మనిషిని చూడాలి. బోర్డు మీద ‘కౌన్సెలర్’ అని రాసుకున్నవాళ్లంతా ఒకే చదువు చదివినవాళ్లు కారు. క్లినికల్ సైకాలజిస్టులైతే రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగొచ్చు. అదున్నా సరే, జంటలతో పని చేయడం విడిగా నేర్చుకోవాలి. ఒక్కరితో బాగా పని చేసే మనిషి ఇద్దర్ని చూసేసరికి తెలియకుండానే ఒకరి వైపు ఒరిగిపోతారు. ఫోన్లోనే అడగండి: “జంటల పని ఎక్కడ నేర్చుకున్నారు? మొదటి మూడు నాలుగు సిట్టింగుల్లో ఏం చేస్తారు? విడిగా మాట్లాడినప్పుడు ఒకరు చెప్పిన రహస్యాన్ని ఏం చేస్తారు?” చివరిదానికి సమాధానం లేక తడబడితే ఇంకొకర్ని చూసుకోండి. దానికి ముందే ఒక నియమం పెట్టుకుని ఉండాలి. ఇంకోటి, తెలుగులో మాట్లాడేవాళ్లయితే మంచిది. ‘హర్ట్ అయ్యాను’ అని ఇంగ్లీషులో అనేయడం తేలిక. ‘నన్ను లెక్కచెయ్యలేదు’ అన్నప్పుడు గొంతు మారుతుంది. ఆ మార్పే మాకు కావాలి.

మళ్లీ మన జంట దగ్గరికి వద్దాం. రెండోసారి ఎలా అడగాలో ఆమె, నేను కలిసి కూర్చున్నాం. గొడవ లేని రోజు చూసుకుంది. పాప పడుకున్నాక, శనివారం రాత్రి. టీవీ ఆపేసింది. ఆమె అన్న మాటలు దాదాపు ఇవి:

“నువ్వు బండి తీసుకుని వెళ్లిపోతే నాకు ప్రాణం పోయినట్టుంటుంది. అందుకే వరసగా ఫోన్లు చేస్తాను. అది నీకు ఊపిరాడనివ్వదని నాకు తెలుసు. దీన్ని నేనొక్కదాన్నే ఆపలేకపోతున్నాను. నాలుగుసార్లు ఇద్దరం కలిసి ఎవరి దగ్గరికైనా వెళ్దామా? నువ్వు మాట్లాడటానికి టైమ్ తీసుకుంటావని నేనే ముందు వాళ్లకి చెబుతాను. నాలుగోసారి తర్వాత నీకు దండగ అనిపిస్తే మానేద్దాం, నేను మళ్లీ అడగను. ఎవరి దగ్గరికన్నది నువ్వే చూడు.”

ఇందులో ఏం చేసిందో చూడండి. గొడవలో తన వంతు ముందు చెప్పింది. అతని భయం ఏదో తెలుసు కాబట్టి దానికే హామీ ఇచ్చింది. ‘చికిత్స’ అని అంతు లేనిది అడగకుండా నాలుగుసార్లు అని లెక్క చెప్పింది. నాలుగు ఎందుకంటే, చాలా పద్ధతుల్లో ఒకసారి ఇద్దరితో, ఒక్కోసారి ఒక్కొక్కరితో మాట్లాడి, నాలుగోసారికి “మీ ఇద్దరి మధ్య జరుగుతున్నది ఇదీ” అని మేం చెప్పగలగాలి. ఎంపిక అతని చేతిలో పెట్టింది. ఇది అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది, చాలామంది ఇదొక్కటే మర్చిపోతారు. ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని, “సినిమాకి” అని చెప్పి నా దగ్గరికి తీసుకొచ్చినవాళ్లున్నారు. నిజంగానే! (నవ్వులు) ఆ మనిషి ముప్పావు గంట గోడ గడియారం చూసి వెళ్లిపోయాడు.

ఈయన ఆ రాత్రి “చూద్దాం” అన్నాడు. ఆమెకి కష్టమైన పని ఆ తర్వాత మొదలైంది. ఊరుకోవడం. మళ్లీ ఎత్తలేదు. అయిదో రోజు స్కూలు నుంచి పాపని తీసుకొస్తూ అతనే అడిగాడట, “ఆడ డాక్టరా, మగ డాక్టరా?” అని. అది ‘సరే’ అనడం అని ఆమెకి అర్థమైంది.

వచ్చారు. నాలుగో సిట్టింగుకి నేను వాళ్ల ముందు పెట్టిన బొమ్మ ఇదీ. డబ్బు మీద ఇద్దరి అలవాటు వేరు. అతనిది ఉమ్మడి మూట, అన్నదమ్ములంతా అందులోంచే తీసుకుంటారు. ఆమెది ఈ ఇంటి లెక్క. అది తేడా మాత్రమే, తప్పు కాదు. దాని కింద ఇద్దరికీ ఒక్కో పుండు ఉంది. ఆమె చిన్నప్పుడు నాన్న చేసిన అప్పులకి వడ్డీవాళ్లు గుమ్మంలో నిలబడేవారు, అమ్మకి ఏమీ తెలిసేది కాదు. దాచిన 15,000 ఆమెకి డబ్బు కాదు, ఆ గుమ్మం. అతని ఇంట్లో నాన్న అరిస్తే పళ్లేలు ఎగిరేవి. గొంతు లేస్తే బయటికి పోవడమొక్కటే అతను నేర్చుకున్న తెలివి. పైన హోమ్ లోన్, సైట్‌లో రెండు నెలలు ఆగిన జీతం. ఆమె ఎంత గట్టిగా అడిగితే అతను అంత దూరం పోతాడు, అతను ఎంత దూరం పోతే ఆమె అంత గట్టిగా అడుగుతుంది.

వడ్డీవాళ్ల సంగతి అతను తొమ్మిదేళ్లలో మొదటిసారి విన్నాడు. ఏమీ అనలేదు. వాటర్ బాటిల్ మూత తీసి ఆమె వైపు జరిపాడు.

మొత్తం పద్నాలుగు సిట్టింగులు వచ్చారు. తమ్ముడి డబ్బు మీద ఇప్పటికీ వాళ్లకి ఏకాభిప్రాయం లేదు. అతను పంపుతూనే ఉన్నాడు, కాకపోతే ఒకటో తారీఖున ఆమెకి చెప్పి పంపుతున్నాడు. బయటికి వెళ్లేటప్పుడు “ఎనిమిదిన్నరకి వస్తా” అని చెప్పి వెళ్తాడు, ఆమె ఎనిమిదిన్నర దాకా ఫోన్ చెయ్యదు. గొడవ రాత్రంతా సాగేది కాస్తా గంటలో ముగుస్తోంది.

మీరు వెళ్తున్నది పనిచేస్తోందా లేదా అని తెలుసుకోవాలంటే ఇలాంటివే చూసుకోండి. సిట్టింగులో ఏడ్చారా లేదా అన్నది కొలత కాదు. నాలుగైదు సార్లయినా కౌన్సెలర్ మీ గొడవ తీరుని ఇద్దరూ ఒప్పుకునేలా చెప్పలేకపోతే, వారం వారం పోట్లాట మాత్రమే ఆ గదిలో మళ్లీ జరుగుతుంటే, లేదా మీలో ఒకరికి ప్రతిసారీ బోనులో నిలబడ్డట్టు ఉంటే, ఆ మాట అక్కడే అనండి. సరిచేసుకునే మనిషైతే సరిచేసుకుంటారు. లేకపోతే మనిషిని మార్చండి.

ప్రశ్నలు అడగొచ్చు. వెనక ఆయన... చెప్పండి.

(ప్రేక్షకుల్లో ఒకరు: మేడం, మీరు చెప్పిందంతా భర్త రానన్నట్టు చెప్పారు. మా ఇంట్లో రానంటున్నది మా ఆవిడ. రెండుసార్లు అడిగాను. “ఇన్నేళ్లు నేను మొత్తుకున్నప్పుడు ఏం చేశావు?” అంటోంది.)

నిజమే, ఒకవైపే చెప్పాను. మన్నించండి. ఆవిడ అన్నది నేను చెప్పిన నాలుగో రకానికి దగ్గరగా ఉంది. చాలా ఏళ్లు అడిగి అడిగి ఆపేసినవాళ్లు అలా అంటారు. మీరు మూడోసారి అడక్కండి. ఆవిడ వేసిన ప్రశ్నకి ముందు జవాబు చెప్పండి. “అప్పుడు ఏం చేశాను” అన్నది మీరే గుర్తుతెచ్చుకుని, ఒక్క సంఘటన, తేదీ దగ్గర్నుంచి, సాకులు లేకుండా ఆవిడకి చెప్పండి. చెప్పాక “అందుకే ఇప్పుడైనా రా” అని దానికి తోక తగిలించకండి.

ఆవిడ రాకపోయినా మీరొక్కరూ వెళ్లొచ్చు. కాకపోతే ఎంచుకునేటప్పుడు చూసుకోండి. మీ ఆవిడ మీద మీ ఫిర్యాదులు వారం వారం విని తల ఊపే మనిషి వద్దు. ఒక్కవైపే వింటే ఎవరి కాపురమైనా పాడైనట్టే కనిపిస్తుంది. “గొడవలో నా వంతు ఏమిటి, దాన్ని ఎలా మార్చుకోవాలి” అన్నదాని మీదే పని చేయమని మొదటి రోజే చెప్పండి.

(అదే వ్యక్తి: ఎన్నాళ్లు చూడాలి మేడం?)

ఒక రెండు మూడు నెలలు. ఆలోగా ఆవిడ “ఎక్కడికి వెళ్తున్నావు శనివారాలు?” అని అడగొచ్చు. అడిగితే దాచకండి.